డెబ్బై రెండు, అత్తగారి ప్రోనోటు

చేతిలో డబ్బు నిలవనివాళ్ళకి డబ్బు లెక్కలంటే మహా సరదా. నా సంగతే చూడండి. ఆత్మకూరులో కాపురం, ఉదయగిరిలో అత్తగారిల్లు, జీతం పదో తేదీకల్లా హరీ. అయినా ఎవరైనా వడ్డీ మాట ఎత్తితే చాలు, 72ని ఆ వడ్డీతో భాగించి "అయితే ఇన్నేళ్ళకి రెట్టింపు" అని చెప్పేస్తాను. అడక్కపోయినా చెప్తాను. పెళ్ళి భోజనాల్లో నా పక్కన కూర్చోడానికి బంధువులు జంకుతున్నారని మా ఆవిడ అంటుంది.

సూత్రం మటుకు సులువు. ఏడాదికి నూటికి 8 వస్తుంటే 72ని 8తో భాగించండి, 9 ఏళ్ళు. 6 వస్తే 12 ఏళ్ళు. పోస్టాఫీసు సేవింగ్సు ఖాతాలో 4 వస్తే 18 ఏళ్ళు, అంటే ఇవాళ పుట్టిన పిల్లకి ఓటు హక్కు వచ్చేదాకా. మా ఆవిడ బియ్యం డబ్బాలో దాచే సొమ్ముకి మాత్రం ఇది పనికిరాదు. సున్నాతో భాగించకూడదని బళ్ళోనే చెప్పారు.

ఇటలీలో లూకా పాచోలీ అనే లెక్కల పండితుడు 1494లో అచ్చయిన తన పుస్తకంలో ఈ 72 సంగతి రాశాడు, ఎందుకో మాత్రం చెప్పలేదు. ఆ తరవాత 20 ఏళ్ళకి, 1514లో, కృష్ణదేవరాయలు మా అత్తగారి ఊరి దుర్గం పట్టాడు. 20 ఏళ్ళలో రెట్టింపు కావాలంటే నూటికి 3.6 చాలు. చూశారా, రాయలవారిని కూడా వదల్లేదు నేను.

నిజానికి వడ్డీ క్షణక్షణం అసలులో కలుస్తూ ఉంటే సరిపోయే అంకె 69.3. ఏడాదికోసారి కలిస్తే అంతకన్నా కాస్త ఎక్కువ కావాలి. 8 శాతం దగ్గర 72 అచ్చంగా కుదురుతుంది. పైగా 2, 3, 4, 6, 8, 9, 12 అన్నిటితోనూ శేషం లేకుండా తెగుతుంది కాబట్టి నాలాంటివాడు బస్సులో నిలబడి కూడా లెక్కేసి పక్కవాణ్ణి విసిగించొచ్చు.

నాకీ పిచ్చి ముదిరింది కిసాన్ వికాస్ పత్రతో. మా ఆవిడ ఏదో నగ మానుకుని 50,000 రూపాయలు పోస్టాఫీసులో పెడతానంది. 2023 ఏప్రిల్లో దాని వడ్డీ 7.5 శాతం చేశారు, 115 నెలలకి రెట్టింపు అన్నారు. నేను కౌంటరు దగ్గరే 72ని 7.5తో భాగించాను. 9.6 ఏళ్ళు. దాన్ని 12తో హెచ్చిస్తే 115.2 నెలలు! నేనే ఆ పథకం పెట్టినంత సంబరపడిపోయాను. వెనకనున్న పెద్దాయన "జరగవయ్యా" అనేదాకా నాకు లోకం తెలీలేదు.

ఇంటికొచ్చి అసలు లెక్క కూడా వేశాను. ఏటేటా వడ్డీ కలుపుకుంటూ పోతే 9 ఏళ్ళకి 50,000 కాస్తా 95,862 అవుతుంది. మిగతా 7 నెలలకి దానిమీద వడ్డీ 4,194. కూడితే లక్ష దాటి 56 రూపాయలు. అంటే సర్కారువారి 115 నెలలు గాల్లోంచి ఊడిపడలేదు, 72 కూడా అబద్ధమాడలేదు.

సూత్రాన్ని తిరగేసినా పలుకుతుంది. 1988లో ఈ పత్రం మొదలుపెట్టినప్పుడు అయిదున్నరేళ్ళకే రెట్టింపు. 72ని 5.5తో భాగిస్తే 13 పైచిలుకు శాతం. ఆ రోజుల్లో కొనమని మామగారు చెప్పినా నాన్న వినలేదని మా ఇంట్లో ఇప్పటికీ ఒక పాత తగాదా ఉంది. 2011లో ఆపేసి, 2014 నవంబరులో మళ్ళీ తెచ్చినప్పుడు 100 నెలలన్నారు, అంటే 8.6 దాకా అని నా లెక్క. అసలు రేటు 8.7.

ఈ ఊపుతోనే ఉదయగిరి వెళ్ళాను. మా అత్తగారు నమ్మకమైనవాళ్ళకి నూటికి రెండు రూపాయల మీద ఇస్తారు. మాకు వడ్డీ అంటే నెలకే, శాతాల గొడవ లేదు. నెలకి 2 అంటే ఏడాదికి 24, 72ని 24తో భాగిస్తే 3. "అత్తయ్యా, మూడేళ్ళకల్లా మీ డబ్బు రెట్టింపు!" అన్నాను, బహుమతి ఇస్తారేమో అన్నట్టు.

ఆవిడ పులుసు కలుపుతున్నారు. ఆ ఊళ్ళో చెక్కిన కొయ్యగరిటె తీసి గిన్నె అంచుమీద రెండుసార్లు కొట్టి, "ఏంది నాయనా రెట్టింపు?" అన్నారు. "నెలకి రెండు. ఏడాదికి ఇరవై నాలుగు. మూడేళ్ళకి డెబ్బై రెండు. నూరెక్కడయింది? తక్కిన ఇరవై ఎనిమిదీ నువ్విస్తావా?"

నా 72 నాకే అడ్డం తిరిగింది. ఈ సూత్రం వడ్డీకి వడ్డీ పుట్టేచోటే నడుస్తుంది. ఊరి వడ్డీ బారువడ్డీ. దానికి నూరుని రెండుతో భాగించాలి, 50 నెలలు. నాలుగేళ్ళ రెండు నెలలన్నమాట. నెలనెలా వడ్డీ పుచ్చుకుని కూరగాయలు కొనుక్కుంటే అదీ లేదు, అసలు అసలుగానే ఉంటుంది. పైగా చక్రవడ్డీ అయినా 24 లాంటి పెద్ద రేట్ల దగ్గర 72 తొందరపడుతుంది. నిజంగా పట్టేది మూడేళ్ళ రెండున్నర నెలలు.

కానీ అత్తగారి విద్య అక్కడితో ఆగలేదు. ప్రోనోటుకి కాలం మూడేళ్ళు. ఆలోగా కొంత జమ చేసి నోటు వెనక రాసి సంతకం పెడితే సరే, లేకపోతే కోర్టులో చెల్లదు. అందుకని గడువు దగ్గరపడగానే నోటు తిరగరాయిస్తారు. అప్పుడు వడ్డీ 72 కూడా అసలులో చేరి కొత్త నోటు 172కి అవుతుంది. అక్కణ్ణించి నెలకి 3 రూపాయల 44 పైసలు. 45వ నెలలో రెట్టింపు దాటుతుంది. ఆరేళ్ళు నిండేసరికి నూరు కాస్తా దాదాపు 296. తిరగరాయకపోతే 244. బారువడ్డీ అని నమ్మి సంతకం పెట్టినవాడికి మూడేళ్ళకోసారి చక్రం తిరుగుతుందని చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

ఇంత విన్నాక నా క్రెడిట్ కార్డు గుర్తొచ్చి కడుపులో దేవేసింది. ఫ్రిజ్ కొన్న బాకీ 40,000, నెలకి 3.5 శాతం. ఇక్కడ తిరగరాయడానికి మూడేళ్ళు ఆగరు, కట్టకపోతే ప్రతి నెలా కలిపేస్తారు. రేటు నెలది కాబట్టి జవాబూ నెలల్లోనే వస్తుంది. 72ని 3.5తో భాగిస్తే 20 నెలల చిల్లర. మా ఆవిడ పత్రం 115 నెలలు కష్టపడి చేసే పనిని నా కార్డు 20 నెలల్లో చేస్తుంది, ఎటొచ్చీ బ్యాంకు కోసం. జామీను అడక్కుండా, ఎక్కే గడప దిగే గడప లేకుండా అప్పిచ్చారని ఇన్నాళ్ళూ ఆ కార్డుని జేబులో దేవుడి పటంలా పెట్టుకుని తిరిగాను.

మర్యాద పక్కనపెట్టి అత్తగారినే అడిగాను. ఆవిడ మారుమాట్లాడకుండా బీరువాలోంచి 40,000 తీసి లెక్కపెట్టారు. అల్లుడికైనా రెండు రూపాయలే, నెలకి 800. నోటు మా బావమరిది రాశాడు, రెవెన్యూ స్టాంపు మా ఆవిడ నాలిక్కి తడిచేసి అంటించింది. అంత ఉత్సాహం ఆమెలో మా పెళ్ళిలో కూడా చూళ్ళేదు. నేను స్టాంపు మీద సంతకం పెడుతుంటే అత్తగారు తేదీ మరోసారి చదివించుకున్నారు.

"వడ్డీ నెలనెలా పంపించు నాయనా. మూడేళ్ళదాకా ఈడ్చావో, అల్లుడని చూడను, తిరగరాయిస్తా."