ఎడమ చేతి మీద డాలస్

డ్యూయల్ టైమ్ వాచీ కట్టుకునేవారు రెండు తెగలు. ఒక తెగవారు విమానాల్లో తిరుగుతారు. రెండో తెగవారు ఇంట్లోనే ఉంటారు, వాళ్ల పిల్లలు విమానాల్లో తిరుగుతారు. తెలుగునాట ఎక్కువగా కనిపించేది ఈ రెండో తెగ. ఉద్యోగం నుంచి రిటైరై, కొడుకును డాలస్‌కు పంపిన నాన్నగారు దీనికి అచ్చమైన నమూనా.

ఈయన్ని గుర్తుపట్టడం తేలిక. బజారులో ఎవరైనా "టైమెంతండీ?" అంటే "ఎక్కడ?" అని అడుగుతారు. ఉదయం ఏడింటికి కాఫీ గ్లాసు అందుకుంటూ "పాపం, వాడికి రాత్రి ఎనిమిదిన్నర, ఇంకా అన్నం తిన్నాడో లేదో" అంటారు. తన ముందు ఇడ్లీ చల్లారిపోతున్న సంగతి ఏ డయల్లోనూ కనబడదు.

ఈయన మొదటి వాచీ కొడుకు తెచ్చినది. అందులో మామూలు ముళ్లతో పాటు 24 గంటల లెక్కన తిరిగే నాలుగో ముల్లు ఉంటుంది. ఈ రకం 1950లలో పాన్ అమెరికన్ పైలట్ల కోసం పుట్టింది. నాలుగో ముల్లు గంటలు మాత్రమే చూపుతుంది. నిమిషాల ముల్లు రెండు దేశాలకూ ఒక్కటే. చిక్కు అక్కడే. మన టైము కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి లెక్కకట్టినది కనుక గ్రీనిచ్‌కు ఐదున్నర గంటలు ముందుంటుంది. డాలస్‌తో మనకున్న తేడా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. గంట గంటకూ గెంతే ముల్లుకు ఆ అర ఎక్కడా దొరకదు. వేసవిలో ఉదయం ఏడింటికి దాన్ని 20 దగ్గర పెడితే అరగంట తక్కువ, 21 దగ్గర పెడితే అరగంట ఎక్కువ. నాన్నగారు 20 దగ్గరే పెట్టి, చూసినప్పుడల్లా అరగంట కలుపుకుంటారు. నెల తిరిగేసరికి ఆ అరగంట కలిపారో లేదో గుర్తుండక మళ్లీ కలుపుతారు.

అందుకని రెండో వాచీ వస్తుంది. ఇందులో రెండు డయళ్లు, రెండు యంత్రాలు, రెండు సెల్లులు, రెండు కీలు ఉంటాయి. నిమిషాల ముళ్లు వేరు కనుక అరగంట బాధ తీరిపోతుంది. కొత్త బాధలు వస్తాయి. చిన్న డయల్‌కు చాలా వాచీల్లో సెకన్ల ముల్లు ఉండదు. దాని సెల్లు అయిపోతే చప్పుడు లేకుండా ఆగిపోతుంది. డాలస్‌లో రెండు రోజులుగా మూడూ పదే అవుతుంటే, నాన్నగారు "పిల్లాడు పడుకుని ఉంటాడు" అని ఫోన్ చేయడం మానేస్తారు. కనిపెట్టే ఉపాయం ఒకటుంది. అమెరికా తేడాలో ఎప్పుడూ అరగంట ఉంటుంది కనుక రెండు డయళ్ల నిమిషాల ముళ్లూ ఎదురెదురుగా ఉండాలి. పెద్దది 2 మీద ఉంటే చిన్నది 8 మీద ఉండాలి. లేకపోతే ఒకటి ఆగినట్టు, లేదా తప్పుతున్నట్టు.

రెండో బాధ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండింటికి డాలస్ గడియారాలు ఒక గంట ముందుకు జరుగుతాయి. నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తాయి. మార్చిలో ఆ ఘడియ మనకు ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర, అంటే నాన్నగారు భోంచేసి కునుకు తీసే వేళ. వాచీకి ఈ సంగతి తెలియదు. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి చిన్న డయల్ రాత్రి తొమ్మిదిన్నర చూపిస్తుంది. ఆయన ధైర్యంగా ఫోన్ చేస్తారు. అక్కడ పదిన్నర. కోడలు గొంతు తగ్గించి "మామయ్యగారూ, పాప పడుకుందండీ" అంటుంది. ఆ రోజంతా ఎడమ కీ మీద ఆయన వేళ్లు పనిచేస్తూనే ఉంటాయి. కంగారులో కుడి కీ కూడా తిరిగి, ఇండియా ఒక గంట ముందుకు పోతుంది.

మూడో లోపం, చిన్న డయల్ 12 గంటలదైతే అందులో పగలూ రాత్రీ తెలియవు. మూడూ పది అంటే మధ్యాహ్నమో అర్ధరాత్రో మనిషే తేల్చుకోవాలి. అందుకు లెక్క చిన్నదే. వేసవిలో మన టైముకు గంటన్నర, చలికాలంలో అరగంట కలిపి పగలును రాత్రిగా, రాత్రిని పగలుగా మార్చుకుంటే డాలస్ టైము వచ్చేస్తుంది. మన ఉదయం ఏడుకు గంటన్నర కలిపితే ఎనిమిదిన్నర, అంటే అక్కడ నిన్న రాత్రి ఎనిమిదిన్నర.

ఈ లెక్క ఆ ఇంట్లో అమ్మగారికి మొదటి నుంచీ తెలుసు. ఆవిడ వంటింటి గోడగడియారం చూసి, పోపు దించి, సరైన వేళకు ఫోన్ చేస్తారు. నాన్నగారు మాత్రం ఆవిడ చెప్పిన టైముకు వాచీని సరిచేసుకుంటారు.