0.91 గారి ఊరేగింపు

మళ్ళీ ఇంకో మోడల్ దిగింది. పదేళ్లలో మీకు గుండెపోటు వచ్చే అవకాశం ఎంతో చెప్పేస్తుందట. ఏయూసీ 0.91 అట. స్లైడు నిండా ఆ అంకే. అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ‘ట్రైపాడ్ ప్రకారం’ అని ఒక ముక్క. క్యాలిబ్రేషన్ గ్రాఫ్ ఎక్కడండీ అంటే, సమయం లేదన్నారు.

ఇంతకీ ఈ ఏయూసీ గారి ఘనత ఏమిటి? జబ్బు వచ్చినవాణ్ణి ఒకణ్ణి, రానివాణ్ణి ఒకణ్ణి పక్కపక్కన నిలబెడితే, వచ్చినవాడికే మోడల్ ఎక్కువ శాతం వేసే అవకాశం ఎంతో చెబుతుంది. ఆయన చూసేది వరుస ఒక్కటే. ర్యాంకులు వేసి మార్కులు దాచే కాలేజీ హోర్డింగు లాంటి వ్యవహారం.

నమ్మకపోతే మోడల్ చెప్పిన ప్రతి శాతాన్నీ సగం చేయండి. 40 కాస్తా 20 అవుతుంది, 10 కాస్తా 5. ఏయూసీ 0.91. ఇంకా కసి తీరకపోతే పదితో భాగించండి. 40 శాతం ముప్పున్న మనిషికి 4 శాతమేనని చెప్పి ఇంటికి పంపేస్తారు. ఏయూసీ 0.91! వరుస చెడలేదుగా మరి. రోగికి చెప్పిన అంకె ఎంత అబద్ధమైనా ఈయన కిరీటం చెక్కు చెదరదు.

ఇది నా వెటకారం కాదు. బ్రిటన్‌లో 20 లక్షల మంది రోగుల రికార్డులపై రెండు మోడళ్లను పరీక్షించారు. నైస్ ఫ్రేమింగ్‌హామ్‌కి ఏయూసీ 0.776, క్యూరిస్క్2కి 0.771. హోర్డింగు లెక్కన మొదటిదే గెలిచినట్టు. కానీ అది ముప్పును ఎక్కువ చేసి చెబుతుంది. 20 శాతం దాటితే చికిత్స అని గీత గీస్తే, 35 నుంచి 74 ఏళ్ల మగవాళ్లలో వెయ్యికి 110 మందిని క్యూరిస్క్2 ఎంచుతుంది, ఫ్రేమింగ్‌హామ్ 206 మందిని. దాదాపు రెట్టింపు! ఆ అదనపు మనుషులు ఏళ్ల తరబడి మాత్రలు మింగాలి, భయపడుతూ బతకాలి. గ్రాఫ్ చూపించడానికి మీకు బద్ధకం కాబట్టి వాళ్లు మింగాలా? ఇది పొరపాటు కాదు, నిర్లక్ష్యం.



2015లో వచ్చిన ట్రైపాడ్ జాబితాలో 22 అంశాలున్నాయి. డిస్క్రిమినేషన్‌తో పాటు క్యాలిబ్రేషన్ కూడా రాయమంటుంది. అయినా అది ఏం రాయాలో చెప్పే పత్రమే తప్ప, మోడల్ మంచిదని ఇచ్చే సర్టిఫికెట్ కాదు. దాన్ని తాయెత్తులా కట్టుకు తిరిగేవాళ్లు ఒకసారి క్యాలిబ్రేషన్ స్లోప్ రాయండి. అది 1 దగ్గర ఉండాలి. కొత్త ఆసుపత్రిలో 0.6కి పడిపోతే, మీ మోడల్ పెద్ద ముప్పును మరీ పెద్దదిగా, చిన్నదాన్ని మరీ చిన్నదిగా చెబుతోందని అర్థం. కొద్దిపాటి కేసుల మీద డజన్ల కొద్దీ అంశాలు గుప్పిస్తే ఇలాగే బట్టీ పడుతుంది.

ఈసారి స్లైడు వేసేవాళ్లని ఒకటే అడుగుతాను. మీరు 20 శాతం అన్న వందమందిలో నిజంగా ఎంతమందికి జబ్బు వచ్చింది? ఆ అంకె లేదా? సరే, భోజనాలకి లేద్దాం.