తొంభై తొమ్మిది శాతం ఆకు

ఏప్రిల్ వచ్చిందంటే మన ఇంజనీరింగ్ కాలేజీల్లో మామిడికాయలూ ఫైనలియర్ ప్రాజెక్టులూ కలిసి కాపుకొస్తాయి. మామిడిలో రకాలుంటాయి. ప్రాజెక్టుల్లో ఆ బాధ లేదు. సెక్షనుకో బ్యాచ్ తప్పకుండా ఆకు ఫొటో చూసి తెగులు పేరు చెప్పేస్తుంది. నలుగురు పిల్లలు, ఒక గైడు, 28 స్లైడ్లు, 99 శాతం ఆక్యురసీ.

రివ్యూకి ఇచ్చేది పది నిమిషాలు. అంటే స్లైడుకి ఇరవై ఒక్క సెకన్లు. మొదటి స్లైడులో కాలేజీ లోగో, రెండో దాంట్లో విషయసూచిక, మూడో దాంట్లో 'వ్యవసాయం మన దేశానికి వెన్నెముక'. వెన్నెముక లేకుండా ఏ ప్రాజెక్టూ నిలబడదు. ఆ తర్వాత 'ఎగ్జిస్టింగ్ సిస్టమ్' అనే అభాగ్యుణ్ణి బోనెక్కించి, ఆక్యురసీ తక్కువనీ సమయం ఎక్కువనీ రెండు నేరాలు మోపుతారు. పిమ్మట హార్డ్‌వేర్ అవసరాలు: నాలుగు జీబీ ర్యామ్, కీబోర్డు, మౌసు. మౌసు లేకపోతే తెగులు దొరకదు కాబోలు. ఫలితాల దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదో నిమిషం. "టైమైపోయిందమ్మా, కానివ్వండి" అంటారు సారు. పరిమితులు ఒక్క గుక్కలో అయిపోతాయి: ఇంటర్నెట్ ఉండాలి, ఫొటో స్పష్టంగా ఉండాలి. చివర్న గులాబీ పువ్వు, థాంక్యూ.

ఈ ఆకులన్నీ ఒకే చోటి నుంచి వస్తాయి. ప్లాంట్‌విలేజ్ అనే ఫొటోల ఖజానా అది. 54 వేల పైచిలుకు ఫొటోలు, 14 పంటలు, 38 తరగతులు. యాపిల్ ఉంది, బ్లూబెర్రీ ఉంది, రాస్ప్‌బెర్రీ కూడా ఉంది. వరి లేదు, పత్తి లేదు. మిరప అడిగితే బెంగళూరు మిర్చి చూపిస్తుంది. 2021లో గుంటూరు, ఖమ్మం మిరప తోటల్ని ముంచిన నల్ల తామర పురుగు ఎక్కువగా పూలలో చేరి పూత రాల్చేసింది. దానికి ఆకు ఫొటో ఏం చేస్తుంది? అయినా స్లైడు మీద మాత్రం 'తెలుగు రైతుకు వరం' అనే ఉంటుంది. బ్లూబెర్రీ వేసిన తెలుగు రైతు ఎవరైనా ఉంటే ఆయనకి నా నమస్కారాలు.

కాబట్టి సమస్య చెప్పాల్సినప్పుడు వెన్నెముకని వదిలేసి పంట పేరు చెప్పండి. ఖజానాలో టమోటా ఉంది, మనకి మదనపల్లె ఉంది. 'టమోటా ఆకు మీద మచ్చ వచ్చింది. మందు కొట్టాలా, మొక్క పీకెయ్యాలా? ఫోన్లో ఫొటో తీస్తే అది తేలుతుందా?' సమస్య ఇంతే. నిమిషన్నరలో అయిపోతుంది.

డిజైన్ అనగానే నెట్లో దొరికిన న్యూరల్ నెట్‌వర్క్ బొమ్మ ఒకటి అతికిస్తారు. దానితో పాటు యూజ్ కేస్ డయాగ్రమ్: కర్రలతో గీసిన ఒక మనిషి, పక్కన 'ఫొటో అప్‌లోడ్ చేయును' అని ఒక గుండ్రం. డిజైన్ అంటే మీరు తీసుకున్న నిర్ణయాలు. వాటిలో తెలివైన ఎక్స్‌టర్నల్ అడగబోయేది ఒకటుంది: ట్రైనింగుకి ఏ ఫొటోలు, టెస్టుకి ఏ ఫొటోలు, ఎలా విడగొట్టారు? ఆ ఖజానాలో ఒకే ఆకుని తిప్పి తిప్పి తీసిన ఫొటోలు చాలా ఉన్నాయి. చీట్లు తీసినట్టు విడగొడితే ఒకే ఆకు అటూ ఇటూ పడుతుంది. అప్పుడు మోడల్ పరీక్ష రాయదు, నిన్న చూసిన ప్రశ్నపత్రానికే జవాబు రాస్తుంది. ఒక ఆకు ఫొటోలన్నీ ఒకే వైపు ఉండేలా చూశామని రెండు వాక్యాల్లో చెబితే ఇరవై డయాగ్రమ్‌ల పెట్టు.

ఇక ఫలితాలు. 99 శాతం చూసి పొంగిపోయే ముందు దాని వయసు కనుక్కోండి. మహంతి, హ్యూస్, సలాతే అనే ముగ్గురు 2016లోనే ఇదే ఖజానా మీద 99.35 శాతం సాధించారు. ఎగ్జిస్టింగ్ సిస్టమ్ 99.35, మీ ప్రపోజ్డ్ సిస్టమ్ 99.1. ఇందాక బోనెక్కింది ఎవరు మరి? అదే వ్యాసంలో ఇంకో మాట కూడా ఉంది. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇస్తే ఆ మోడల్ 31 శాతం దగ్గర చతికిలబడింది. మన బ్యాచ్‌లన్నీ లిటరేచర్ సర్వేలో ఈ వ్యాసాన్ని చేరుస్తాయి, 99 దాకా చదివి పుస్తకం మూసేస్తాయి.

టమోటా వరకు లెక్క వేసి చూద్దాం. మొత్తం 18,160 ఫొటోలు. అందులో ఆకుముడత వైరస్‌వి 5,357, మొజాయిక్ వైరస్‌వి 373. మొజాయిక్‌ని ఒక్కసారి కూడా గుర్తు పట్టని మోడల్ మిగతావన్నీ సరిగ్గా చెబితే ఆక్యురసీ 98 శాతం దాకా వస్తుంది! ఒక రోగాన్ని పూర్తిగా వదిలేసినా డిస్టింక్షనే. అందుకే ఒక్క అంకె చూపించి తప్పించుకోవద్దు. దేన్ని దేనిగా పొరబడిందో చెప్పే పట్టిక, కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్, తెర నిండా పెట్టండి. గురి తప్పిన గడిని వేలు పెట్టి చూపించండి. దీనికి మూడు నిమిషాలు పైనే ఇవ్వొచ్చు.

మిగిలిన మూడు నిమిషాలు పరిమితులవి. స్పష్టమైన ఫొటో కావాలనడం పరిమితి కాదు, ఫొటో స్టూడియో బోర్డు. పరిమితిని కొలవాలి. ఒక బ్యాచ్ మదనపల్లె వైపు వెళ్లి పొలంలో మొక్క మీదే 60 ఆకులు ఫొటో తీసి, వ్యవసాయాధికారి చేత తెగులు పేర్లు చెప్పించుకుందనుకుందాం. మోడల్ 27 సరిగ్గా చెప్పింది. అంటే 45 శాతం. పిల్లల మొహాలు వాడిపోతాయి. కానీ ప్రాజెక్టు మొదలయ్యేది అక్కడే. ఎందుకు పడిపోయింది? ఖజానాలో ఆకులు కోసి, కాగితం మీద పెట్టి తీసినవి. పొలంలో వెనక మట్టి, పక్క ఆకులు, పట్టుకున్న చెయ్యి. అవే 60 ఆకులు కోసి తెల్ల కాగితం మీద పెట్టి తీస్తే 41 సరిపోయాయనుకోండి. దాదాపు 68 శాతం. బ్యాక్‌గ్రౌండ్ వల్ల ఎంత పోయిందో తేలింది, ఇంకా వేరే కారణం కూడా ఉందని తేలింది. అరవై ఫొటోలు చాలా తక్కువని కూడా మీరే ముందు చెప్పేయండి, సారుకి ఆ ప్రశ్న మిగల్చకండి.

బ్యాక్‌గ్రౌండ్ సంగతి ఉత్త అనుమానం కాదు. 2022లో ఒక పరిశోధకుడు ఆకుని పక్కనబెట్టి ఫొటో బ్యాక్‌గ్రౌండ్ లోంచి ఎనిమిది పిక్సెళ్లు మాత్రమే మోడల్‌కి ఇచ్చాడు. 38 తరగతుల్లో గుడ్డిగా ఊహిస్తే 2.6 శాతం రావాలి, వచ్చింది 49 శాతం. ఆకు లేకుండానే సగం తెగుళ్లు తెలిసిపోయాయన్నమాట.

ఇంత చెప్పాక ఒక కుర్రాడు అడిగాడు: "అంకుల్, 45 అని చూపిస్తే సార్లు ఊరుకుంటారా? పక్క బ్యాచ్ 99 చూపిస్తుంది కదా." అబద్ధం కాదు. మన ప్యానెల్‌లో ఒకరు ఫోను చూసుకుంటారు, ఒకరు ఏఐకీ ఎమ్మెల్‌కీ తేడా ఏమిటంటారు, ఇంకొకరు "ఎంతకి కొన్నారు?" అని ఆప్యాయంగా అడుగుతారు. ఈ వాతావరణంలో 99 వెనక దాక్కున్న పిల్లల్ని తప్పు పట్టలేను.

అందుకే అయ్యా ఎక్స్‌టర్నల్ గారూ, ఈసారి ఆకుల బ్యాచ్ వస్తే చివరి స్లైడు నుంచి వెనక్కి చెప్పమనండి. 45 చూపించిన వాళ్లకి 99 చూపించిన వాళ్లకన్నా నాలుగు మార్కులు ఎక్కువ వెయ్యండి. వచ్చే ఏడాదికి పిల్లలు పొలం దారి వాళ్లే కనుక్కుంటారు.