నలుగురెక్కితేనే గిట్టుబాటు

కారు కొన్నవాడు మొదటి నెలంతా మైలేజీ గురించి మాట్లాడతాడు. రెండో నెల నుంచి ఏసీ గురించి మాట్లాడతాడు. మా బావమరిది ఇప్పుడు రెండో నెలలో ఉన్నాడు.

వాడి ఇల్లు వనస్థలిపురంలో, ఆఫీసు బేగంపేటలో. రోజూ రానూపోనూ నలభై కిలోమీటర్లు. ఏడాదికి రెండొందల యాభై పనిదినాలనుకుంటే పదివేల కిలోమీటర్లు. ఏడేళ్లు స్కూటర్ మీద తిరిగినవాడు ఈ మధ్యే ఆరున్నర లక్షలు పెట్టి చిన్న కారు తీసుకున్నాడు. ‘పెద్ద తేడా ఏముంది బావా, నెలకు ఒకట్రెండు వేలు ఎక్కువవుతాయేమో’ అని కనిపించిన చుట్టాలందరికీ చెబుతున్నాడు. లెక్క తెలియని చుట్టాలు మెచ్చుకుంటున్నారు, తెలిసినవాళ్లు కాఫీ తాగి వెళ్లిపోతున్నారు.

వాడి లెక్కంతా కంపెనీవాళ్లు చెప్పిన లీటరుకు ఇరవై నాలుగు కిలోమీటర్ల మీద నిలబడి ఉంది. ఆ అంకె అబద్ధం కాదు. ప్రయోగశాలలో రోలర్ల మీద, ముందు ఆటో లేకుండా, పక్కన బస్సు లేకుండా నడిపి తీసినది. ఎల్బీనగర్ నుంచి మలక్‌పేట మీదుగా పొద్దున తొమ్మిదింటికి వచ్చే రోలర్ ఇంకా తయారు కాలేదు. ఇక్కడ కారు ఆగి ఉన్నా ఏసీ ఆగదు. ఏసీ వేసుకుని నిలబడిన చిన్న కారు గంటకు ముప్పావు లీటరు దాకా తాగేస్తుంది, కిలోమీటరు మాత్రం ఒక్కటీ పెరగదు.

అసలు మైలేజీ తెలియాలంటే డ్యాష్‌బోర్డును అడగకూడదు, అది కాస్త ముఖస్తుతి చేస్తుంది. బంకులో నాజిల్ దానంతటది కట్ అయ్యేదాకా ట్యాంకు నింపించి ట్రిప్ మీటరు సున్నా చేయాలి. కుర్రాడు ‘రౌండ్ ఫిగర్ చేద్దామా సార్’ అంటాడు, వద్దనాలి. మళ్లీ అదే బంకులో, మళ్లీ కట్ అయ్యేదాకా నింపించి, తిరిగిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగించాలి. వంద రూపాయలకూ రెండొందలకూ పోయించుకునేవాళ్లకు ఈ అంకె జన్మలో తెలియదు. మావాడి చేత బలవంతాన చేయిస్తే కారుకు పద్నాలుగొచ్చింది. పాత స్కూటర్‌కు నలభై అయిదు.

లీటరు 107 రూపాయల లెక్కన పదివేల కిలోమీటర్లకు స్కూటర్ పెట్రోలు సుమారు 23,800. కారుది 76,400. ఒక్క పెట్రోలు తేడానే నెలకు నాలుగు వేలు దాటింది. చుట్టాలకు చెప్పిన ‘ఒకట్రెండు వేలు’ మొదటి వరుసలోనే చచ్చిపోయింది.

అక్కడ ఓడినవాడు ఆయిల్ దగ్గర లేచాడు. ‘స్కూటర్‌కు ఊరికే ఆయిల్ మార్చాలి బావా, కారుకు ఏడాదికొకసారి చాలు!’ ఈ ఒక్క మాటలో మాత్రం నిజముంది. స్కూటర్ ఇంజన్‌లో పట్టేది ముప్పావు లీటరు, మహా అయితే ఎనిమిది వందల మిల్లీలీటర్లు. మన మెకానిక్కులు మూడు మూడున్నర వేలకు మార్చేస్తారు కాబట్టి పదివేలకు మూడుసార్లు, అంటే దాదాపు రెండున్నర లీటర్లు. చిన్న కారుకు పదివేలకు ఒక్కసారే, కానీ ఒక్కసారికి మూడు లీటర్లు. ఆయిల్ సీసాల వరకూ చూస్తే రెండూ దాదాపు సమానమే. వాదనలో ఎక్కువసేపు నలిగేది ఈ ఆయిలే, బిల్లులో అతి చిన్న వరుసా ఇదే.

అయితే ఆ కొంచెం ఆయిలే స్కూటర్‌ను మన చేతిలో ఇబ్బంది పెడుతుంది. ఉన్నదే ఎనిమిది వందలు, అందులో రెండొందలు తగ్గితే పావు వంతు పోయినట్టే, అయినా కొలపుల్ల తీసి చూసేవాడు లేడు. అంతకంటే పెద్ద జబ్బు లీటరు డబ్బా కొనడం. మెకానిక్ ఎనిమిది వందలు పోసి ఆపితే, ‘మిగిలింది కూడా పోసెయ్ అన్నా, డబ్బులిచ్చాం కదా’ అంటాం. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరుతుంది. బండి బరువుగా లాగుతుంది, పొగ కొడుతుంది, ఫిల్టర్ పెట్టె తెరిస్తే జిడ్డు కనిపిస్తుంది. అరవై రూపాయల ఆయిల్ వదులుకోలేక కొత్త ఫిల్టర్ కొనే పొదుపు మనకే చెల్లింది.

సర్వీసులన్నీ కలిపి స్కూటర్‌కు మూడు వేలు, కారుకు ఆరున్నర వేలు. టైర్లు, బెల్టు, బ్రేకులు, బ్యాటరీల అరుగుదల ఏడాదికి స్కూటర్‌కు 2,700, కారుకు 5,500 వేసుకున్నాం. ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వమే పెడుతుంది. 2022 జూన్ నుంచి అమలైన పట్టికలో వెయ్యి సీసీ లోపు కారుకు 2,094 రూపాయలు, ఇలాంటి స్కూటర్‌కు 714. సొంత బండి దెబ్బకు కూడా కలిపి తీసుకుంటే కారుకు పదిహేను వేలు, స్కూటర్‌కు రెండు వేలు అనుకుందాం. మొత్తం స్కూటర్ 31,500, కారు 1,03,400.

ఇక్కడితో ఆపమని మావాడు బతిమాలాడు. కానీ ఇన్సూరెన్సువాళ్ల దగ్గర ఇంకో పట్టిక ఉంది. బండి నాలుగో ఏడు దాటి అయిదులో పడేసరికి దాని విలువను సగానికి కోస్తారు. కారైనా స్కూటరైనా కోత శాతం ఒక్కటే, అందులో పక్షపాతం లేదు. తొంభై అయిదు వేల స్కూటర్‌లో అయిదేళ్లలో సగం పోతే ఏడాదికి 9,500. ఆరున్నర లక్షల్లో సగం పోతే ఏడాదికి 65,000. గేటు దగ్గర కవరు కప్పి నిలబెట్టినా ఇది పోతూనే ఉంటుంది. చేతిలోంచి ఇవ్వం కాబట్టి ఎవరూ ఖర్చనుకోరు, అమ్మబోయిన రోజు మాత్రం కొనేవాడు గుర్తుచేస్తాడు. ఇదీ కలిపితే స్కూటర్‌కు 41,000, కారుకు 1,68,400. కిలోమీటరుకు నాలుగు రూపాయల పది పైసలు ఒకవైపు, పదహారు రూపాయల ఎనభై నాలుగు పైసలు ఇంకోవైపు.

‘కారు ఎలాగూ ఇంట్లో ఉంది కదా బావా, దాని విలువా ఇన్సూరెన్సూ ఆఫీసు ఖాతాలో ఎందుకు రాస్తావ్?’ అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. సరే, ఆ రెండూ తీసేశాం. అప్పుడు కూడా ఆఫీసుకు కారు తిప్పడానికి పెట్రోలు, సర్వీసు, అరుగుదల కలిసి 88,400. పాతది అమ్మేశాడు కాబట్టి మళ్లీ కొత్త స్కూటర్ కొని, దాని విలువ తరుగుదలతో సహా అంతా కట్టుకున్నా 41,000. ఏడాదికి 47,400 మిగులు. వానలో తడవడానికీ, బస్సు పొగ మింగడానికీ, గతుకుల్లో నడుముకూ, లారీ పక్కనుంచి పోతున్నప్పుడు గుండె దడకూ ఆ డబ్బు తక్కువే అంటే నేనూ కాదనను. హాయి కోసం కొన్నానంటే ఎవరూ వాడిని లెక్క అడగరు. పొదుపని చెప్పుకోవడం వల్లే నా చేతికి కాగితం వచ్చింది.

చివరికి వాడే దారి కనిపెట్టాడు. కారులో ముగ్గురెక్కితే మనిషికి కిలోమీటరుకు అయిదు రూపాయల అరవై పైసలు, ఇంకా స్కూటర్ మీద ఒంటరిగా పోయేవాడికంటే ఎక్కువే. నలుగురెక్కితే నాలుగు రూపాయల ఇరవై, దాదాపు సమానం. స్కూటర్ మీద వెనక ఒకరు కూర్చుంటే మనిషికి రెండు రూపాయలేనని నేను గుర్తుచేస్తే వినిపించుకోలేదు. అపార్ట్‌మెంట్‌లో బేగంపేట వైపు పోయేవాళ్లు ఇంకో ముగ్గురు దొరికారు. ఆదివారం పార్కింగ్‌లో సమావేశం పెట్టారు. కలిసి వెళ్లాలని నలుగురూ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఎవరి కారు తీయాలన్నది తేలక, సోమవారం నాలుగు కార్లూ ఒకదాని వెనక ఒకటి గేటు దాటాయి.