మేడ్చల్ రోడ్డు మీద బీటెక్ ధర

ఎప్‌సెట్ ఫలితాలు వచ్చాయంటే చాలు, సుచిత్ర నుంచి మేడ్చల్ దాకా హైవే పొడవునా ఫ్లెక్సీలు మొలుస్తాయి. ఒక్కో ఫ్లెక్సీ మీద కోటు తొడుక్కున్న ఒక నవ్వుమొహం, దాని కింద లక్షల్లో ప్యాకేజీ, ఆ కిందే చీమ తలకాయంత అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’ అన్న ధోరణిలో ఏదో ఒక గమనిక. కండ్లకోయ జంక్షన్ దగ్గర కారాపి వీటిని చదివే తండ్రికి ఒక సంగతి మాత్రం ఏ ఫ్లెక్సీ చెప్పదు. ఈ రోడ్డుకి అటూ ఇటూ ఉన్న అనుబంధ కాలేజీల్లో చదివినవాడికి పట్టా ఇచ్చేది జెఎన్‌టియూహెచ్. కొండగట్టు పక్కన నాచుపల్లిలో, 2007లో మొదలైన జగిత్యాల ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవాడికి పట్టా ఇచ్చేదీ ఆ జెఎన్‌టియూహెచ్చే. పైగా జగిత్యాలది యూనివర్సిటీ సొంత కాలేజీ. మేడ్చల్‌లోని స్వయంప్రతిపత్తి కాలేజీ అయితే ప్రశ్నపత్రం తనే తయారు చేసుకుంటుంది, తనే దిద్దుకుంటుంది, ముద్ర మాత్రం యూనివర్సిటీతో వేయించుకుంటుంది. ముద్ర ఒకటే అయినప్పుడు ఎక్కువ డబ్బు దేనికి కడుతున్నామన్నదే నా ప్రశ్న.

చదువు బాగుంటుంది కాబట్టి అని చాలామంది నమ్మకం. ఫీజు ఎలా పుడుతుందో తెలిస్తే ఆ నమ్మకం కాస్త సడలుతుంది. ప్రైవేటు కాలేజీల ఫీజులను రాష్ట్రంలో ఫీజుల నియంత్రణ కమిటీ మూడేళ్లకొకసారి ఖరారు చేస్తుంది. 2022లో ఖరారైన ఫీజులు ఏడాదికి 45 వేల నుంచి లక్షా 60 వేల దాకా ఉన్నాయి. 2025-26కి కొత్త ఫీజులు తేలక పాతవే కొనసాగించారు. ఈ లెక్కకి మూలాధారం కాలేజీ తానే సమర్పించే ఆదాయ వ్యయాల పత్రం. అంటే ఎక్కువ ఖర్చు చూపించగలిగిన కాలేజీకి ఎక్కువ ఫీజు అడిగే హక్కు వస్తుంది. ఆ ఖర్చు ల్యాబుకి పెట్టారా, గేటు ముందు ఫౌంటెన్‌కి పెట్టారా అన్న తేడా ఫీజు రసీదు మీద కనిపించదు. పిల్లవాడు ఏం నేర్చుకున్నాడన్నది ఆ పత్రంలో ఏ గడిలోనూ ఉండదు. కాబట్టి ఫీజు కొలిచేది కాలేజీ ఖర్చునే తప్ప కాలేజీ చదువుని కాదు.

ఇప్పుడొక ర్యాంకు తీసుకుని లెక్క చూద్దాం. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఆదాయ అర్హత ఉన్న ఒక బీసీ కుటుంబం, ఏడాదికి లక్షా 20 వేల ఫీజున్న ఒక కాలేజీ అనుకుందాం. పిల్లవాడి ర్యాంకు 9,999 అయితే ఫీజు మొత్తం ప్రభుత్వమే కడుతుంది. 10,001 అయితే, మామూలుగా ప్రభుత్వం ఇచ్చేది 35 వేలు, తండ్రి కట్టేది 85 వేలు. నాలుగేళ్లకి 3 లక్షల 40 వేలు. ఒకటీ అరా మార్కు తేడాకి ఇంత ఖరీదు ఇంకెక్కడా ఉండదేమో! అదే పిల్లవాడు ఏడాదికి 50 వేలున్న ప్రభుత్వ కాలేజీలో చేరాడనుకుంటే తండ్రి వాటా 15 వేలు, నాలుగేళ్లకి 60 వేలు. తేడా 2 లక్షల 80 వేలు. పెద్ద ఐటీ కంపెనీలు ఫ్రెషర్‌కి ఇచ్చే మామూలు జీతం ఏళ్ల తరబడి ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. అంటే కొడుకు మొదటి ఏడాది జీతంలో పెద్ద ముక్క వాడు ఉద్యోగంలో చేరకముందే ఖర్చయిపోయింది. ప్రభుత్వం ఇవ్వాల్సిన ఆ 35 వేలూ సమయానికి రాకపోతే, బకాయి మీరే కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లండి అన్న మాట వినాల్సిందీ తండ్రే. బకాయిల కోసం 2025లో కాలేజీలే బంద్ చేశాయి కనుక ఈ భయం ఊహాజనితం కాదు.

ఇదంతా కన్వీనర్ కోటా సంగతి. మిగిలిన 30 శాతం మేనేజ్‌మెంట్ సీట్లది వేరే లోకం. ఖరారైన ఫీజుకి రసీదు ఉంటుంది, దాని పైన అడిగే డొనేషన్‌కి ఆశీర్వాదం మాత్రమే ఉంటుంది. డొనేషన్ తీసుకోవడం నేరమని ఉమ్మడి రాష్ట్రంలో 1983లోనే చట్టం వచ్చింది. చట్టానికి నలభై ఏళ్లు దాటి తల నెరిసింది. డొనేషన్ మాత్రం నిత్యయవ్వనంతో మెరిసిపోతోంది.

ఇక్కడ ప్లేస్‌మెంట్ల మాట వస్తుంది. నాచుపల్లికి ఏ కంపెనీ వస్తుంది, అంజన్న దర్శనానికి వచ్చినవాళ్లు తప్ప అని వెటకారం. అందులో కొంత నిజముంది. నగరానికి దగ్గర్లో ఉన్న కాలేజీకి ఎక్కువ కంపెనీలు వస్తాయి, ఇంటర్న్‌షిప్ దొరకడం సులువు. ప్రభుత్వ కాలేజీల్లో రెగ్యులర్ అధ్యాపకుల పోస్టులు ఖాళీగా పెట్టి కాంట్రాక్టు వాళ్లతో నెట్టుకొస్తున్నదీ నిజమే. అయితే అధ్యాపకుల విషయంలో ప్రైవేటు వైపు కడిగిన ముత్యాలేమీ లేవు. ఒకే పేరు రెండు మూడు కాలేజీల జాబితాల్లో కనిపించడం వల్లే కదా బయోమెట్రిక్ హాజరు పెట్టాల్సి వచ్చింది! అక్కడ ఖాళీ ఖాళీగానే కనబడుతుంది, ఇక్కడ ఖాళీకి కూడా ఒక పేరుంటుంది. ఇక కంపెనీల మాటకొస్తే, టీసీఎస్ లాంటి సంస్థ 2018 నుంచి దేశవ్యాప్త పరీక్ష పెట్టి ఏ ఊరి విద్యార్థినైనా రాయనిస్తోంది. ఆ పరీక్ష రాసేవాడి ఊరికి కంపెనీ బస్సు రావాల్సిన పని లేదు.

ఫ్లెక్సీ మీద ఉండేది అత్యధిక ప్యాకేజీ. అది ఒక్కడి జీతం. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లొస్తే ముగ్గురికి ఉద్యోగాలొచ్చినట్టు కనిపించేలా లెక్క చెప్పడమూ మామూలే. దీనికి విరుగుడు లేకపోలేదు. ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌కి పోటీపడే కాలేజీ సమర్పించే పత్రంలో ఎంతమంది నాలుగేళ్లలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మీడియన్ జీతమెంత అన్నది ఉంటుంది. అది కాలేజీ వెబ్‌సైట్‌లోనే దొరకాలి. మీడియన్ అంటే వరుసలో సరిగ్గా మధ్యలో నిలబడ్డవాడి జీతం. మన పిల్లవాడు నిలబడేది చాలావరకు అక్కడే, ఫ్లెక్సీ ఎక్కేవాడి పక్కన కాదు. అలాగే ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి ఇస్తారు, కాలేజీ మొత్తానికి కాదు. సివిల్‌కి వచ్చిన గుర్తింపుని కంప్యూటర్ సైన్స్ పెళ్లికి నగలా పెట్టుకు తిరిగే కాలేజీ ఉంటే జాగ్రత్త పడాలి.

శామీర్‌పేట దగ్గరి బిట్స్ పిలానీని చూపించి, ఖరీదైనదే కదా, అయినా మంచిది కాదా అనేవాళ్లున్నారు. మంచిదే. 2008లో మొదలైన ఆ క్యాంపస్ ఫీజు మనం చెప్పుకుంటున్న కాలేజీల కంటే చాలా ఎక్కువ. కానీ అక్కడికి దారి బిట్‌శాట్ స్కోరు, మేనేజ్‌మెంట్ గది కాదు. డబ్బుంటే చాలు అనే తలుపు లేనందుకే దానికా పేరు. పక్క ఊళ్లో బిట్స్ ఉన్నంత మాత్రాన మన ఊరి కాలేజీకి ఆ వాసన అంటదు.

ప్రైవేటు కాలేజీ వద్దని కాదు నా వాదన. మీడియన్ జీతం, బ్రాంచి గుర్తింపు, సకాలంలో పాసైనవాళ్ల సంఖ్య ఈ మూడూ చూపించి ఆ 2 లక్షల 80 వేలకి తగిన తేడా కనబరిస్తే కట్టండి. చూపించలేకపోతే ఆ డబ్బు కడుతున్నది చదువుకి కాదు, హైవే పక్క చిరునామాకి. వెబ్ ఆప్షన్లలో పైన పెట్టినదాన్నే కంప్యూటర్ ముందు చూస్తుంది. అందులో సీటొస్తే కింద ఉన్నవాటిని అసలు పట్టించుకోదు. కాబట్టి ముందు జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్ లాంటి యూనివర్సిటీ సొంత కాలేజీలు, తర్వాతే పరీక్షకి నిలబడ్డ ప్రైవేటు కాలేజీలు. ఆ వరుస రాసేటప్పుడు పక్కింటి వాళ్లబ్బాయి ఏ కాలేజీలో చేరాడన్నది మాత్రం అడక్కండి, ఆ ఆప్షన్‌కి కోడ్ నంబరు లేదు.