మూడంచెలకు మారేముందు కొన్ని మొండి సలహాలు

మందుల హోల్‌సేల్ వ్యాపారి ఎవరైనా కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేయించుకోబోతే ప్రోగ్రామర్లు చెప్పే మాట దాదాపు ఒకటే. రెండంచెలది పాతబడింది, మూడంచెలకు మారండి, వ్యాపార నియమాలన్నీ మధ్య అంచెలో పెట్టండి, డేటాబేస్‌ను ఉత్త బీరువాలా వాడుకోండి అంటారు. నేను దీనికి ఎదురు సలహాలు ఇస్తున్నాను. చాలామందికి ఇవి తప్పుడు సలహాలుగానే తోస్తాయి. అయినా కారణాలు వినండి.

ముందు ఈ అంచెలేమిటో చూద్దాం. దుకాణంలో ఎనిమిది కౌంటర్లున్నాయనుకోండి. ప్రతి కంప్యూటర్‌లో బిల్లింగ్ ప్రోగ్రాం ఉంటుంది, వెనక గదిలోని సర్వర్‌లో డేటాబేస్ ఉంటుంది, ప్రోగ్రాం నేరుగా దానితో మాట్లాడుతుంది. ఇది రెండంచెలు. మూడంచెల్లో కౌంటర్ దగ్గర బ్రౌజర్ మాత్రమే ఉంటుంది, మధ్యలో అప్లికేషన్ సర్వర్ నిలబడి డేటాబేస్‌తో మాట్లాడుతుంది.

గడువు తీరిన బ్యాచ్ అమ్మకూడదు, ఉన్నదానికన్నా ఎక్కువ బిల్లు వేయకూడదు, బాకీ పరిమితి దాటిన షాపుకు అరువివ్వకూడదు, పన్ను ఇంత వేయాలి. ఇవీ నియమాలు. రెండంచెల్లో ఇవి కౌంటర్ ప్రోగ్రాంలో ఉండొచ్చు, లేదా డేటాబేస్‌లోనే స్టోర్డ్ ప్రొసీజర్లుగా ఉండొచ్చు. ఈ రెండో దారి కొత్తదేమీ కాదు, సైబేస్ 1987లోనే ప్రొసీజర్లూ ట్రిగ్గర్లూ ఇచ్చింది. రెండంచెలంటే నియమాలన్నీ కౌంటర్‌లోనే ఉంటాయనుకోవడం పొరపాటు.

నా మొదటి సలహా: ఒకే కప్పు కింద ఎనిమిది కౌంటర్లుంటే రెండంచెలు వదలడానికి తొందరపడకండి. మారమనేవాళ్లు చూపే పెద్ద కారణం మార్పులు పంపడం. 2025 సెప్టెంబర్ 22న చాలా మందులమీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. రేటును ప్రోగ్రాంలోనే రాసి ఉంటే ఆ ఉదయానికల్లా ఎనిమిది కంప్యూటర్లలోనూ కొత్త ప్రోగ్రాం వేయాలి. ఒకటి మరిచిపోతే ఆ కౌంటర్ పాత రేటుకే బిల్లులు కొడుతూ ఉంటుంది. దీనికి మందు మూడో అంచె కాదు. ఏ తేదీ నుంచి ఏ రేటో ఒక పట్టికలో ఉంచి, బిల్లు తేదీని బట్టి తీసుకుంటే చాలు. అప్పుడు అంచెలు ఎన్నున్నా ఒకే చోట ఒక వరుస చేరిస్తే పని అయిపోతుంది.

మూడో అంచె నిజంగా అవసరమయ్యేది బయటివాళ్లు లోపలికొచ్చినప్పుడు. ఊళ్లలోని మెడికల్ షాపులు ఫోన్ల నుంచి ఆర్డర్లు పెట్టాలంటే డేటాబేస్‌ను ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టలేం. పైగా పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లో ప్రతి కనెక్షన్‌కూ సర్వర్‌లో ఒక ప్రాసెస్ నడుస్తుంది, మొదట్లో ఉండే పరిమితి 100. మధ్య అంచె కొన్ని కనెక్షన్లనే వందలమందికి వంతులవారీగా వాడుతుంది. ఆ రోజు వస్తే తప్పకుండా మారండి.

రెండో సలహా దగ్గరే ఎక్కువమంది నాతో గొడవ పడతారు. మూడంచెలు కట్టినా సరే, స్టాక్ తనిఖీని మధ్య అంచెకు వదిలేయకండి. ఒక బ్యాచ్‌లో 10 పెట్టెలున్నాయి. మూడో కౌంటర్‌లో 8 అడిగారు, అదే క్షణంలో ఐదో కౌంటర్‌లో 6 అడిగారు. రెండు చోట్లా ప్రోగ్రాం స్టాక్ చదివింది, రెండింటికీ 10 అనే కనిపించింది, రెండూ సరిపోతుందనుకున్నాయి. మొదటిది మిగిలింది 2 అని రాసింది, రెండోది దానిమీద 4 అని రాసింది. 14 పెట్టెలకు బిల్లులు వెళ్లాయి, స్టాక్ మాత్రం ఇంకా 4 ఉన్నట్టు చూపిస్తోంది. మైనస్ కనిపిస్తే ఎవరైనా గమనిస్తారు. ఈ 4 మాత్రం అరలు లెక్కపెట్టేదాకా బయటపడదు.

తనిఖీని మధ్య అంచెకు తెచ్చినంత మాత్రాన ఇది పోదు. అప్లికేషన్ సర్వర్ కూడా ఒకేసారి చాలా అభ్యర్థనలు నడుపుతుంది. ప్రోగ్రాంలో తాళం వేసినా, రద్దీ పెరిగి రెండో సర్వర్ పెట్టిన రోజున ఒకదాని తాళం ఇంకొకదానికి తెలియదు. చూడటం, తగ్గించడం రెండూ ఒకే వాక్యంలో జరగాలి:

```sql
UPDATE stock SET qty = qty - 6
WHERE batch_no = 'B412' AND qty >= 6;
```

మొదటి బిల్లు ఆ వరుసను పట్టుకుని ఉండగా రెండోది ఆగుతుంది. మొదటిది కమిట్ అయ్యాక, మామూలు `READ COMMITTED` అమరికలో, డేటాబేస్ షరతును మళ్లీ చూస్తుంది. 2 మాత్రమే ఉంది కాబట్టి ఒక్క వరుసా మారదు. ప్రోగ్రాం ఆ సున్నాను చూసి స్టాక్ చాలదని చెప్పాలి. చాలామంది ఈ సున్నాను చూడకుండా బిల్లు ముద్రించేస్తారు, అదే అసలు ప్రమాదం. దీనికి తోడుగా ఒక కట్టడి కూడా పెట్టండి:

```sql
ALTER TABLE stock
ADD CONSTRAINT qty_ok CHECK (qty >= 0);
```

ఈ ఆదేశాన్నే డేటాబేస్ తిరస్కరించిందంటే మీ పట్టికలో ఇప్పటికే మైనస్ స్టాక్ ఉన్నట్టు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒక బిల్లులో చాలా బ్యాచ్‌లుంటే వాటిని ఎప్పుడూ బ్యాచ్ నంబరు వరుసలోనే తగ్గించండి. లేకపోతే రెండు బిల్లులు ఒకదాని వరుసకోసం ఒకటి ఎదురుచూస్తూ ఇరుక్కుంటాయి, డేటాబేస్ ఒకదాన్ని రద్దు చేసేస్తుంది. రెండోది, ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచి "సేవ్ చేయమంటారా?" అని తెరమీద అడగకండి. క్యాషియర్ జవాబివ్వకుండా లేచి వెళ్తే ఆ బ్యాచ్ కావాల్సిన కౌంటర్లన్నీ ఆగిపోతాయి. రెండంచెల ప్రోగ్రాంలకు చెడ్డపేరు రావడానికి ఇదీ ఒక కారణం.

మూడో సలహా: ఒకే నియమాన్ని రెండు చోట్ల రాయండి. గడువు తీరిన బ్యాచ్‌ను క్యాషియర్‌కు వెంటనే తెరమీద చూపడం మర్యాద. అది అమ్ముడవకుండా ఆపాల్సింది మాత్రం డేటాబేసే. నియమం కౌంటర్ ప్రోగ్రాంలోనో మధ్య అంచెలోనో మాత్రమే ఉంటే, పాస్‌వర్డ్ తెలిసిన ఉద్యోగి ఎక్సెల్ నుంచి ఓడీబీసీ ద్వారా నేరుగా పట్టికలో అంకె మార్చేయగలడు. అతనికి ఏ నియమమూ అడ్డురాదు. అందుకే పట్టికల్లో రాసే హక్కు అందరి దగ్గరా తీసేసి, బిల్లు వేసే ప్రొసీజర్‌ను నడిపే హక్కు మాత్రమే ఇవ్వండి.

దీనికి ఎదురు ఉదాహరణ ఉంది, దాచను. 1992లో వచ్చిన శాప్ ఆర్/3 నియమాలన్నిటినీ మధ్య అంచెలోనే ఉంచింది. తాళాలు కూడా తనవే, పట్టికల మధ్య సంబంధాల తనిఖీని సైతం డేటాబేస్‌కు వదల్లేదు. అది పెద్ద పెద్ద కంపెనీల్లో నిలబడింది, ఎందుకంటే ఆ పట్టికల్లో వేరెవరూ చేయి పెట్టకూడదన్న క్రమశిక్షణను ఆ కంపెనీలు పాటించాయి. మీ దుకాణంలో ఆ క్రమశిక్షణ ఉంటుందని పూచీ పడగలరా?

అలాగని అన్నిటినీ డేటాబేస్‌లోకి తోసేయకండి. బాకీ పరిమితి దాటినా యజమాని ఒప్పుకుంటే ఇవ్వడం, స్కీముల లెక్క, ఎస్ఎంఎస్ పంపడం, ఈ-వే బిల్లు తీసుకోవడం మధ్య అంచె పనులు. బయటి సర్వర్‌ను పిలిచే పని ట్రిగ్గర్‌లో పెడితే, ఆ సర్వర్ నెమ్మదించినంతసేపూ మీ స్టాక్ వరుస తాళంలోనే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు డబ్బు కట్టేముందు స్టాక్ తగ్గించే ఆ ఒక్క వాక్యాన్ని చూపించమని అడగండి. అందులో `qty >=` షరతు లేకపోయినా, మారిన వరుసల సంఖ్యను ప్రోగ్రాం చూడకపోయినా, ఎన్ని అంచెలున్నా ఆ సాఫ్ట్‌వేర్ తీసుకోకండి.