తిమ్మాజిపేటలో ప్రపంచస్థాయి మోటారు వైండింగ్!

ఈమధ్య మన మండల కేంద్రాల్లో ఒక కొత్త సాహిత్యం పుట్టుకొచ్చింది. రచయిత పట్నంలో ఉంటాడు. కథానాయకుడేమో బస్టాండు పక్కన రేకుల షెడ్డులో బోరు మోటార్లు చుట్టే మేస్త్రీ. "మీరు తిమ్మాజిపేటలో అత్యుత్తమ మోటారు వైండింగ్ సేవల కోసం వెతుకుతున్నారా? అయితే మీరు సరైన చోటికే వచ్చారు!" అని వ్యాసం మొదలవుతుంది. ఆ తర్వాత నాణ్యత, నమ్మకం, నిబద్ధత, నిపుణుల బృందం వరసగా వచ్చి వెళ్తాయి. నిపుణుల బృందమంటే ఆ మేస్త్రీ, ఆయన బామ్మర్ది. మోటారు మాత్రం వ్యాసంలో ఎక్కడా విప్పరు.

ఇదే వ్యాసం ఊరి పేరు మార్చుకుని బిజినేపల్లిలో, జడ్చర్లలో, నాగర్‌కర్నూల్లో కూడా తిరుగుతుంటుంది. పేరు మార్చడమైతే తేలికే కానీ, మిగతాది చదివే ఓపిక ఎవరికుంది? అందుకే ఎక్కడో మధ్యలో "సముద్రపు ఉప్పుగాలి నుంచి మీ మోటారుకు సంపూర్ణ రక్షణ" అన్న వాక్యం అలాగే ఉండిపోతుంది. తిమ్మాజిపేటకు సముద్రపు గాలి తగలాలంటే కృష్ణమ్మ వెనక్కి పారాలి.

కొందరు రచయితలు మరీ మొద్దులేం కాదు. స్థానికత ఉండాలని ఎవరో చెబితే విన్నారు. అందుకని అవంచలోని ఏకశిలా గణపతిని తెచ్చి రెండో పేరాలో కూర్చోబెడతారు. ఆ విగ్రహం చూడదగ్గదే, సందేహం లేదు. కానీ మడికి నీళ్లు ఆగిపోయిన రైతుకు విఘ్నేశ్వరుడి ఎత్తు ఎన్ని అడుగులో చెబితే విఘ్నం తొలగదు. ఊరి పేరు, గుడి పేరు రాస్తే అది స్థానికత కాదు. ఆ ఊరి బోర్లో మోటారు ఎందుకు కాలుతుందో రాస్తే స్థానికత.

ఇక చివరి పేరా ఊళ్ల జాబితా. అవంచ, గొరిట, మరికల్ అంటూ పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్‌లా సాగుతుంది. ఇదంతా గూగుల్‌ను బుట్టలో వేసుకోవడానికట. పేజీ పైకి రావాలని ఊళ్ల పేర్లు కుప్పపోయడాన్ని, ఒకే సరుకును ఊరికో పేజీగా అచ్చుకొట్టడాన్ని గూగుల్ తన స్పామ్ నిబంధనల్లోనే పేరుపెట్టి మరీ తప్పుపట్టింది. దగ్గర్లోని షాపులను చూపించడానికి తాను ప్రధానంగా చూసేవి మూడని కూడా చెప్పింది: వెతికినదానికి షాపు పని సరిపోతుందా, ఎంత దూరంలో ఉంది, దానికెంత పేరుంది. దూరం సంగతి ఫోనే చెబుతుంది. షాపు తన వ్యాసంలో "నా దగ్గర్లో" అని పద్నాలుగుసార్లు రాసుకున్నంత మాత్రాన గొరిట రైతుకు ఒక్క అడుగు కూడా దగ్గరవదు.

అసలు ఆ రైతు ఏమని అడుగుతాడు? "అత్యుత్తమ సేవలు కావాలె" అని ఏ రైతూ అడగగా ఎవరూ వినలేదు. "అన్నా, మోటరు గుయ్యిమంటుంది గాని నీళ్లొస్తలేవు. మోటరు తియ్యాల్నా?" అంటాడు. వ్యాసానికి శీర్షిక అదే. ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు, రోజూ షాపు ఫోన్లో ఉచితంగా దొరుకుతుంది.

మేస్త్రీ ఆ ఫోన్‌కు ఏం జవాబు చెబుతాడో అదే రాస్తే వ్యాసం అయిపోతుంది. "ముందే మోటారు పైకి తీయకండి. గుయ్యిమంటూ తిరగకపోతే మూడు ఫేజుల్లో ఒకటి రావడం లేదేమో చూడాలి. స్టార్టరు వెంటనే ఆపేయండి. ఫీజు పోయిందా, స్టార్టరు కాంటాక్టులు కాలాయా అని ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. అవి బాగుంటే మెయిన్ ఆపి, మోటారుకు వెళ్లే మూడు వైర్లు విప్పి మెగ్గర్ పెట్టి చూస్తాం. వైరుకూ ఎర్త్‌కూ మధ్య రీడింగ్ సున్నాకు పడిపోతే లోపం మోటారులోనో, కేబుల్లోనో, జాయింటులోనో ఉన్నట్టు. అప్పుడు పైకి తీయాలి." బోరులోంచి పైపులు లాగించడానికి కూలీలను పెట్టి, తీరా మోటారు బాగానే ఉందని తేలితే రైతుకు ఎలా ఉంటుందో మేస్త్రీకి తెలుసు. పట్నం రచయితకు తెలియదు.

ఆ కింద ఒక ఫోటో పెట్టాలి. తెల్లచొక్కా వేసుకుని, పసుపు టోపీ పెట్టుకుని నవ్వే విదేశీ ఇంజనీరు ఫోటో వద్దు. షాపులో నిన్న విప్పిన మోటారుది కావాలి. స్టార్ కనెక్షన్ మోటారులో ఒక ఫేజు పోయినా నడిపిస్తే రెండు ఫేజుల చుట్లు నల్లబడతాయి, మూడోది కొత్తదానిలా ఉంటుంది. మూడూ ఒకేలా మాడితే కథ వేరు: వోల్టేజీ తగ్గిందో, బోరులో నీళ్లు తగ్గి మోటారు చల్లబడలేదో, పంపు బిగుసుకుందో. ఫోటో పక్కన "రెండు నల్లగా, ఒకటి మంచిగా ఉంది చూడండి. కొత్త వైండింగ్ చేసినా స్టార్టరు బాగుచేయకపోతే మళ్లీ ఇదే గతి" అని రెండు వాక్యాలు రాస్తే చాలు. "నమ్మకానికి మారుపేరు" అని రాసుకోవాల్సిన పని ఉండదు.

ధర రాయమంటే మాత్రం అందరికీ గొంతులో వెలక్కాయ పడుతుంది. రాగి ధర మారుతుంటుంది కదా అంటారు. మారితే ఏ నెల ధరో కూడా రాయండి. ఇన్ని హెచ్‌పీల మోటారుకు ఇంత, అందులో వైరు, కూలీ కలిశాయి, బుష్షులు, బేరింగు పోతే వేరే, బోరులోంచి తీసి దించే ఖర్చు మాది కాదు అని విడదీసి చెప్పండి. చేయని పని కూడా చెప్పండి. పైపులు లాగే బండి మీ దగ్గర లేకపోతే లేదనండి. దానివల్ల పోయే గిరాకీ ఎలాగూ షాపు ముందు కొట్లాడి పోయేదే.

"ఇన్ని వివరాలు రాస్తే రైతే సొంతంగా చేసుకుంటాడు" అని ఒక భయం. ఇంట్లో కూర్చుని స్టేటరులో చుట్లు పోసుకునే రైతును చూపించండి, ఆయన మీదే వ్యాసం రాద్దాం. "పక్క షాపువాడు కాపీ కొడతాడు" అని ఇంకో భయం. "ప్రపంచస్థాయి" అన్న మాటనైతే ఎవరైనా కాపీ కొట్టగలరు, ఇప్పటికే కొట్టారు. మీ బల్లమీది మోటారునూ, అది ఏ పొలంలో ఎందుకు కాలిందో చెప్పే కథనూ కొట్టలేరు.

నంబర్ వన్ అని డప్పు కొట్టుకునేవారికి ఒక చిన్న కబురు. రుజువు లేని గొప్పలు తప్పుదోవ పట్టించే ప్రకటనల కిందికి వస్తాయి. వాటిపై కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మొదటి తప్పుకే జరిమానా 10 లక్షల రూపాయల దాకా ఉండొచ్చు. ఆ డబ్బుతో ఎన్ని మోటార్లు చుట్టొచ్చో మేస్త్రీయే లెక్కవేసుకోవాలి.

నిజం రాసినంత మాత్రాన మర్నాడే షాపు ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయనీ కాదు. మ్యాపులో గుర్తు పక్క వీధిలో ఉన్నా, ఫోన్ ఎత్తకపోయినా ఎంత మంచి రాతయినా దండగే. కాలం కూడా చూసుకోవాలి. యాసంగి నాట్లకు ముందే రాస్తే మోటార్లు కాలే నాటికి పనికొస్తుంది. 10 వేల మంది చూశారన్న లెక్క చూసి మురిసిపోవద్దు. ఆ చూసినవాళ్లు విశాఖలో ఉంటే తిమ్మాజిపేట షాపుకు ఒరిగేదేమిటి? ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ "ఏ ఊరు, ఏం చదివి చేశారు" అని అడిగి నోటుబుక్కులో రాసుకోండి. షాపుకు అసలు లెక్క అదే.

కాబట్టి మేస్త్రీలూ, పట్నం రచయితకు ఇచ్చే డబ్బు మీ జేబులోనే ఉంచుకోండి. ఈరోజు విప్పిన మోటారును ఫోటో తీసి, అది ఎందుకు కాలిందో రైతుకు చెప్పినట్టే నాలుగు ముక్కలు రాయండి. అక్షరదోషాలుంటే ఉండనీయండి, అబద్ధాలు లేకుంటే చాలు.